పండగలు, పెళ్లిళ్ల సీజన్‌లో బంగారం ప్రీమియం, డిస్కౌంట్: తరచుగా అడిగే ప్రశ్నలు

బంగారం మీద ప్రీమియం, డిస్కౌంట్ అంటే అసలు ఏమిటి?

విదేశీ మార్కెట్‌లో బంగారం ధర ఔన్సుకి ఇన్ని డాలర్లని ఉంటుంది. దాన్ని రూపాయల్లోకి మార్చి, మన దేశపు దిగుమతి సుంకం, జీఎస్టీ కలిపితే ఒక లెక్క ధర వస్తుంది. బంగారం ఇక్కడికి వచ్చి చేరేసరికి న్యాయంగా పడాల్సిన ఖరీదు అది. ముంబై, హైదరాబాద్, చెన్నై బులియన్ డీలర్లు నగల వ్యాపారులకు కడ్డీలు అమ్మేటప్పుడు దానికంటే ఎక్కువ అడిగితే ప్రీమియం, తక్కువకు ఇస్తే డిస్కౌంట్. డాలరు ధర నుంచి మొదలైన లెక్క కాబట్టి ఈ తేడాను కూడా ఔన్సుకి ఇన్ని డాలర్లు అనే చెబుతారు.

ఇది హోల్‌సేల్ మాట అని గుర్తుంచుకోండి. షాపు బయట "తరుగు మీద 30 శాతం డిస్కౌంట్" అని బోర్డు కడితే, ఆ డిస్కౌంట్ వేరు. కొనేవాళ్లు ఈ రెండిటినీ కలిపేసుకోవడం వల్లే చాలా గందరగోళం వస్తుంది.

పండగ వచ్చిందంటే ప్రీమియం పెరగడం ఖాయమేనా?

ఖాయం కాదు. గిరాకీ పెరుగుతుంది, అది నిజమే. అయితే గిరాకీతో పాటు సరుకు కూడా అందినంత కాలం ప్రీమియం పుట్టదు. దసరా, దీపావళి ఏ తేదీన వస్తాయో బ్యాంకులకూ డీలర్లకూ ఏడాది ముందే తెలుసు కాబట్టి ముందే దిగుమతి చేసి పెట్టుకుంటారు. వాళ్లు వేసుకున్న అంచనా తప్పినప్పుడే కథ మారుతుంది. అనుకున్నదానికంటే ఎక్కువ మంది కొంటే స్టాక్ తగ్గి ప్రీమియం వస్తుంది. ధర చూసి జనం వెనక్కి తగ్గితే, పండగ కోసం తెప్పించిన సరుకు మీద వడ్డీ పడుతూ ఉంటుంది. అప్పుడు డీలరు దీపావళి వారంలోనైనా డిస్కౌంట్‌కే అమ్ముతాడు.

కాబట్టి పంచాంగం చూసి ప్రీమియం చెప్పలేం. ఏ నెలలో గిరాకీకి అవకాశం ఉందో పంచాంగం చెబుతుంది. ఆ అవకాశం ప్రీమియంగా మారుతుందా లేదా అన్నది స్టాక్, ధర తేలుస్తాయి.

తెలుగువాళ్ల క్యాలెండర్‌లో ఏ నెలలు బరువుగా ఉంటాయి?

సంక్రాంతికి పంట డబ్బు చేతికొస్తుంది గానీ పుష్యంలో ముహూర్తాలుండవు. మాఘం మొదలయ్యాక పెళ్లి కొనుగోళ్లు ఊపందుకుంటాయి, ఫాల్గుణం దాకా సాగుతాయి. మార్చి చివర్లో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది కాబట్టి పెద్ద వ్యాపారులు స్టాక్ తగ్గించుకోవాలని చూస్తారు, కొత్త సరుకు ఎత్తరు. ఆ తర్వాత వైశాఖంలో అక్షయ తృతీయ, దాని చుట్టూ పెళ్లిళ్లు. జ్యేష్ఠం కొంతవరకు నడుస్తుంది.

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. ఆ నెల హోల్‌సేల్‌లో డిస్కౌంట్, షోరూముల్లో తరుగు ఆఫర్లు రెండూ కనబడతాయి. శ్రావణం రాగానే వరలక్ష్మీ వ్రతానికి రూపులు, కాసులు, చిన్న చిన్న వస్తువులు, వాటితో పాటు పెళ్లి నగలు. భాద్రపదం మళ్లీ చల్లబడుతుంది. మహాలయ పక్షంలో కొత్తవి కొనడానికి చాలామంది ఇష్టపడరు. ఆశ్వయుజంలో దసరా, ధన త్రయోదశి, దీపావళి, ఆ వెంటనే కార్తీక, మార్గశిర ముహూర్తాలు. ఏడాది మొత్తంలో దసరా నుంచి మార్గశిరం వరకే అన్నిటికంటే పెద్ద సీజన్, ఎందుకంటే అప్పుడు ఉత్తరాది, దక్షిణాది ఒకేసారి కొంటాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. శ్రావణం మనకు పెళ్లిళ్ల నెల. ఉత్తరాదిలో అది చాతుర్మాసం, ముహూర్తాలు ఉండవు. దేశం మొత్తానికీ చెప్పే ప్రీమియం ముంబై, అహ్మదాబాద్, ఢిల్లీ డీలర్లను కూడా కలుపుకుని వచ్చేది కాబట్టి, మన షోరూములు కిటకిటలాడుతున్నా ఆ అంకె పెద్దగా కదలకపోవచ్చు. "ఇక్కడ ఇంత రద్దీ ఉంటే డిస్కౌంట్ అంటారేమిటి" అని శ్రావణంలో చాలామంది అడిగే ప్రశ్నకు సమాధానం ఇదే.

మూఢం, అధిక మాసం వస్తే ఏమవుతుంది?

పండగల కంటే వీటి ప్రభావమే నాకు ఎక్కువ ఆసక్తిగా అనిపిస్తుంది, ఎందుకంటే బయటివాళ్ల లెక్కల్లో ఇవి సరిగా కనబడవు. శుక్ర మూఢమో గురు మూఢమో వస్తే ముహూర్తాలు ఆగిపోతాయి. అలా ఆగిన పెళ్లిళ్లు రద్దు కావు, మూఢం పోయాక ఒకే చోట గుమిగూడతాయి. 2023లో అధిక శ్రావణం వచ్చింది. ఆషాఢం అయిపోయినా ఇంకో నెల ఆగాల్సి వచ్చింది, నిజ శ్రావణం ఆగస్టు రెండో సగానికి గానీ మొదలవలేదు. 2026లో అధిక జ్యేష్ఠం వచ్చి వేసవి ముహూర్తాల మధ్యలో ఒక నెల ఖాళీ పెడుతుంది.

2024 ఇంకా మంచి ఉదాహరణ. ఏప్రిల్ చివర నుంచి మూఢం వచ్చి వేసవి పెళ్లిళ్లన్నీ ఆగిపోయాయి. ఆ ఏడాది అక్షయ తృతీయ మే 10న వచ్చింది గానీ దాని చుట్టూ ఎప్పుడూ ఉండే పెళ్లి గిరాకీ లేదు. నాణేలు, చిన్న వస్తువులు కొన్నవాళ్లు కొన్నారు, పెళ్లి సెట్లు కొనాల్సినవాళ్లు ఆగారు. ఆ పెళ్లిళ్లన్నీ శ్రావణంలోకి వచ్చి పడ్డాయి. సరిగ్గా అదే సమయానికి ఇంకో పెద్ద సంగతి జరిగింది, దాని గురించి కింద చెబుతాను.

ప్రీమియం ఎక్కువయ్యేది పండగ రోజునా, ముందా?

మామూలుగా ముందే. నగల వ్యాపారికి పండగ రోజున కావాల్సింది కడ్డీ కాదు, తయారైన నగ. కడ్డీ కొని, కరిగించి, పని చేయించి, హాల్‌మార్క్ వేయించి షోకేసులో పెట్టడానికి సమయం పడుతుంది. కాబట్టి నగల కోసం బులియన్ కొనుగోలు పండగకు కొన్ని వారాల ముందే జరుగుతుంది. డీలర్ల దగ్గర సరుకు బిగుసుకునేది అప్పుడే. ధన త్రయోదశి నాటికి షాపులో జనం ఉంటారు గానీ హోల్‌సేల్‌లో నగల తాలూకు హడావిడి చాలావరకు అయిపోయి ఉంటుంది.

నాణేలు, బిస్కెట్ల సంగతి వేరు. వాటికి పనితనం ఏమీ ఉండదు, వచ్చిన సరుకు వచ్చినట్టే అమ్మేస్తారు. కాబట్టి పెట్టుబడి కోసం కొనే జనం ఎక్కువైన ఏడాది ప్రీమియం చివరి రోజుల దాకా లాగుతుంది. పండగ వెళ్లాక పడిపోయేటప్పుడు కూడా అంతే వేగంగా పడిపోతుంది.

ఈ రోజు ప్రీమియం ఉందో డిస్కౌంట్ ఉందో నేనే లెక్క కట్టుకోవచ్చా?

కట్టుకోవచ్చు. గుండ్రటి అంకెలతో ఒకసారి చేద్దాం. ఔన్సు ధర 4,000 డాలర్లు, డాలరు 88 రూపాయలు అనుకోండి. ఒక ట్రాయ్ ఔన్సు అంటే 31.1035 గ్రాములు. 4,000ని దానితో భాగిస్తే గ్రాముకు 128.60 డాలర్లు, పది గ్రాములకు 1,286 డాలర్లు. రూపాయల్లో అది సుమారు 1,13,170. దిగుమతి సుంకాన్ని 2024 జూలై బడ్జెట్‌లో 15 నుంచి 6 శాతానికి తగ్గించారు. ఆ 6 శాతమే ఉందనుకుని కలిపితే ఇంకో 6,790 రూపాయలు, మొత్తం 1,19,960. జీఎస్టీ 3 శాతం ఇంకా కలపలేదు, ఎందుకంటే బులియన్ వ్యాపారుల సంఘం ఐబీజేఏ రోజూ ప్రకటించే ధరలోనూ, ఫ్యూచర్స్ నడిచే ఎంసీఎక్స్ ఎక్స్‌చేంజ్ ధరలోనూ జీఎస్టీ ఉండదు. పోల్చేటప్పుడు రెండు వైపులా ఒకేలా ఉండాలి.

ఇప్పుడు డీలరు పది గ్రాముల మేలిమి బంగారానికి, జీఎస్టీ కాకుండా, 1,20,530 చెప్పాడనుకోండి. తేడా 570 రూపాయలు. ఈ మారకం రేటు దగ్గర ఔన్సుకి ఒక డాలరు అంటే పది గ్రాములకు 28 రూపాయల 30 పైసలు. 570ని దానితో భాగిస్తే 20 వస్తుంది, అంటే 20 డాలర్ల ప్రీమియం. అదే రోజు డీలరు 1,19,110కి ఇస్తానంటే తేడా 850 రూపాయలు కిందికి, అంటే 30 డాలర్ల డిస్కౌంట్. మీరు లెక్క కట్టే నాటికి సుంకం వేరుగా ఉంటే 6 బదులు ఆ అంకె పెట్టుకోండి, మిగతా లెక్క అంతా అదే.

నా లెక్క ప్రకారం ప్రీమియం వంద డాలర్లు వచ్చింది. నిజమేనా?

ఎక్కడో తప్పు ఉండి ఉంటుంది. ఎక్కువగా జరిగేవి కొన్నే. ఒక వైపు జీఎస్టీ కలిపి, ఇంకో వైపు కలపకుండా పోల్చడం మొదటిది. 3 శాతం అంటే పై ఉదాహరణలో 3,600 రూపాయలు, ఔన్సుకి 127 డాలర్ల దొంగ ప్రీమియం. షాపు బోర్డు మీది 22 క్యారెట్ల ధరను 0.916తో భాగించి 24 క్యారెట్లుగా మార్చుకోవడం ఇంకొకటి. షాపు ధరలో వాళ్ల మార్జిన్ కలిసి ఉండొచ్చు, అది బులియన్ ధర కాదు. మూడోది సమయం. ఐబీజేఏ మధ్యాహ్నం ఇచ్చిన ధరను రాత్రి అమెరికా మార్కెట్ ధరతో పోలిస్తే, మధ్యలో ధర కదిలిన మేరకు తేడా వస్తుంది, దానికి గిరాకీతో సంబంధం లేదు.

నాలుగోది కొంచెం లోతైనది. సుంకాన్ని ఆ నిమిషపు మార్కెట్ ధర మీద వేయరు. ప్రభుత్వం సుమారు పదిహేను రోజులకోసారి బంగారానికి ఒక టారిఫ్ విలువ ప్రకటిస్తుంది, సుంకం దాని మీద పడుతుంది. ఆ విలువ ప్రకటించాక మార్కెట్ గబగబా పెరిగితే, అసలు కట్టే సుంకం మీరు వేసుకున్న 6 శాతం కంటే తక్కువే. టారిఫ్ విలువ 5 శాతం వెనకబడి ఉందనుకుంటే, పై లెక్కలోని 6,790 సుంకంలో సుమారు 340 రూపాయలు తగ్గుతాయి. ఔన్సుకి అది 12 డాలర్లు. గిరాకీలో ఏ మార్పూ లేకుండానే డిస్కౌంట్ వచ్చినట్టు కనబడుతుంది. ధర పడిపోయేటప్పుడు ఇది తలకిందులవుతుంది. పండగ వారంలో ధర బాగా ఊగిసలాడితే, ఈ సవరణ చేయని అంకెను నేను నమ్మను.

ధర బాగా పెరిగితే డిస్కౌంట్ వస్తుందంటారు. 2025 దీపావళికి అలా ఎందుకు జరగలేదు?

ధర ఒక్కసారిగా పెరిగితే జనం ఆగుతారు, ఇంట్లో ఉన్న పాత బంగారం మార్చుకుంటారు. పాత బంగారం వచ్చే కొద్దీ షాపుకు కొత్త కడ్డీల అవసరం తగ్గుతుంది. రెండు వైపుల నుంచీ డిస్కౌంట్‌కే దారి. 2025 మార్చిలో ధరలు రికార్డులు దాటుతున్నప్పుడు అచ్చం అలాగే జరిగింది. డీలర్లు పెద్ద డిస్కౌంట్లకు అమ్మారు.

అదే ఏడాది అక్టోబర్‌కు జనం ఆలోచన మారిపోయింది. నెలల తరబడి పెరుగుతూ వచ్చిన ధర ఇక తగ్గదనీ, ఆగితే ఇంకా నష్టమనీ అనుకున్నారు. నగలు తగ్గించుకున్నవాళ్లు కూడా నాణేలు, బిస్కెట్లు కొన్నారు. దాంతో ధన త్రయోదశి ముందు ప్రీమియం ఔన్సుకి 25 డాలర్ల దాకా పోయింది, దశాబ్దానికి పైగా కనబడని స్థాయి అది. ఆ ధన త్రయోదశి అక్టోబర్ 18న, శనివారం రావడం ఇంకో చిక్కు. శుక్రవారం రాత్రి అంతర్జాతీయ మార్కెట్ మూసేశాక సోమవారం దాకా కొత్త ధర లేదు. ఆ రెండు రోజులు అమ్మేవాళ్లు రిస్క్ కోసం కొంత మార్జిన్ ఉంచుకుంటారు. పండగ అయ్యాక ధర జారింది, నవంబర్‌లో మార్కెట్ మళ్లీ డిస్కౌంట్‌లోకి వెళ్లింది.

కాబట్టి చూడాల్సింది ధర ఎంత ఉందని కాదు, ఆ ధరకు జనం అలవాటు పడ్డారా లేదా అని. నాకు తెలిసిన మంచి గుర్తు పాత బంగారం. షాపుల్లో ఎక్స్‌చేంజ్ బిల్లులు ఎక్కువగా కడుతున్నారంటే డిస్కౌంట్ దగ్గర్లో ఉన్నట్టు. పాతది ఎవరూ తేకుండా డబ్బులిచ్చి కొంటున్నారంటే ప్రీమియం వైపు వెళ్తున్నట్టు.

ప్రభుత్వ నిర్ణయాలు సీజన్‌ను మింగేస్తాయా?

మింగేస్తాయి. 2013 ఆగస్టులో సుంకం 10 శాతానికి పెంచారు. దిగుమతి చేసిన దానిలో 20 శాతం ఎగుమతికి వెళ్లాలనే 80:20 నిబంధన కూడా వచ్చింది. సరుకు దొరక్క ఆ ఏడాది చివరికి ప్రీమియం ఔన్సుకి వంద డాలర్లు దాటింది. 2014 నవంబర్‌లో ఆ నిబంధన ఎత్తేశారు. అప్పటి అంకెల్ని చూపించి "పెళ్లిళ్ల సీజన్ ప్రీమియం" అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, అది సరఫరా కట్టేయడం వల్ల వచ్చింది.

ఇక పైన ఆపిన 2024 కథ. జూలై 23న బడ్జెట్‌లో సుంకం 15 నుంచి 6 శాతానికి దిగింది. అంతకుముందు వారాల్లో మార్కెట్ డిస్కౌంట్‌లో ఉంది. ఆషాఢం, మూఢం, ఎక్కువ ధర, వీటితో పాటు 15 శాతం సుంకం ఎగ్గొట్టి వచ్చే దొంగ బంగారం కూడా కింది ధరకే అమ్ముడవుతోంది. సుంకం తగ్గగానే ధర వేలల్లో దిగింది. వేసవంతా ఆగిన పెళ్లి కుటుంబాలు ఒక్కసారిగా షాపులకొచ్చాయి, ఎదురుగా శ్రావణం ఉంది. స్టాక్ తక్కువ పెట్టుకున్న వ్యాపారులు కడ్డీల కోసం పరిగెత్తారు. కొన్ని రోజుల్లోనే డిస్కౌంట్ పోయి దశాబ్దంలో ఎక్కువైన ప్రీమియం వచ్చింది. పాత సుంకం కట్టి స్టాక్ నింపుకున్న వ్యాపారులు మాత్రం ఆ నిల్వ మీద నష్టపోయారు. పంచాంగం, ధర, సుంకం మూడూ ఒకే వైపు లాగితే ఏమవుతుందో ఇంతకంటే స్పష్టంగా చూపించే నెల నాకు తెలియదు.

హోల్‌సేల్ డిస్కౌంట్ నా బిల్లులో కనబడుతుందా?

నేరుగా కనబడటం అరుదు. ఊళ్లో బోర్డు రేటు ఒకటే ఉంటుంది, డీలరు దగ్గర 30 డాలర్లు తక్కువకు దొరికిందని ఏ షోరూమూ ఆ రోజు గ్రాము ధర తగ్గించి రాయదు. ఆ లాభం వచ్చేది తరుగు, మజూరీ ఆఫర్ల రూపంలో. ఆషాఢం ఆఫర్లకు కొంత వెసులుబాటు అక్కడి నుంచే వస్తుంది. ప్రీమియం ఉన్నప్పుడు ఆ ఆఫర్లు చల్లగా మాయమవుతాయి. బిస్కెట్, నాణెం కొనేవాళ్లకు మాత్రం తేడా కొంచెం నేరుగా తగులుతుంది, ఎందుకంటే అక్కడ దాచడానికి తరుగు లేదు.

అమ్మాయి పెళ్లికి నగలు కొనాలి. డిస్కౌంట్ సీజన్ దాకా ఆగమంటారా?

అంకెలు చూసి మీరే నిర్ణయించుకోండి. నాలుగు తులాల, అంటే 40 గ్రాముల 22 క్యారెట్ల హారం అనుకుందాం. పై లెక్క ప్రకారం గ్రాము సుమారు 10,988, బంగారం ఖరీదు దాదాపు 4,39,500. మార్కెట్ 20 డాలర్ల ప్రీమియం నుంచి 30 డాలర్ల డిస్కౌంట్‌కు మారి, ఆ మొత్తం మీకే అందిందని అనుకున్నా, హారం మీద తేడా 5,200 రూపాయలు. అంతర్జాతీయ ధర ఒక్క వంద డాలర్లు, అంటే రెండున్నర శాతం కదిలితే అదే హారం మీద దాదాపు 11,000 తేడా వస్తుంది. తరుగు 16 శాతం బదులు 12 శాతానికి మాట్లాడుకుంటే మిగిలేది దాదాపు 17,600.

కాబట్టి ప్రీమియం కోసం పెళ్లి నగలు వాయిదా వేయడం లాభసాటి కాదు. ప్రీమియం కదలికను మీరు ఇంకో రకంగా వాడుకోవచ్చు. మార్కెట్ డిస్కౌంట్‌లో ఉందంటే వ్యాపారికి సరుకు అమ్ముకోవాల్సిన అవసరం ఉంది, తరుగు గట్టిగా బేరమాడండి. ముహూర్తానికి రెండు మూడు నెలల ముందు, ఆషాఢంలోనో భాద్రపదంలోనో మూఢంలోనో వెళ్తే పని చేసేవాళ్లు ఖాళీగా ఉంటారు, షాపు వాళ్లు కూర్చోబెట్టి మాట్లాడతారు. ఆ నెలల్లో కొనడం ఇష్టం లేకపోతే డిజైన్ చూసుకుని, తరుగు శాతం కాగితం మీద రాయించుకుని, మంచి రోజున తెచ్చుకోవచ్చు. అడ్వాన్స్ ఇస్తుంటే గ్రాము ధర ఆ రోజుదా, తెచ్చుకునే రోజుదా అన్నది రసీదు మీదే ఉండాలి.

దుబాయ్‌లో ఉన్న మావాళ్లు అక్కడ కొని పంపితే ఈ ప్రీమియం తప్పుతుందా?

అక్కడి ధర తక్కువగా ఉండేది మన దిగుమతి సుంకం అందులో లేకపోవడం వల్ల, మన ప్రీమియం వల్ల కాదు. 2024లో సుంకం 6 శాతానికి తగ్గినప్పుడు ఆ తేడా కూడా బాగా చిక్కిపోయింది. మనవైపు మార్కెట్ డిస్కౌంట్‌లో ఉన్న రోజుల్లో ఇంకా తగ్గుతుంది. తెచ్చేటప్పుడు కస్టమ్స్ పరిమితి దాటితే సుంకం కట్టాలి కాబట్టి, మోడల్ నచ్చి అక్కడ కొంటే కొనండి గానీ ప్రీమియం తప్పించుకోవడానికైతే ఆ శ్రమ అక్కర్లేదు.